లెక్కలో సున్నాగా మిగిలిన యాభై ఆరు గంటలు

నాన్నకు పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి తీసుకొచ్చిన మూడో వారంలో నేను ఒక నోటుపుస్తకంలో గంటలు రాసుకోవడం మొదలుపెట్టాను. మందుల వేళలు మరిచిపోకుండా ఉండడానికి తెరిచిన పుస్తకమది. నాలుగైదు రోజులు గడిచేసరికి అందులో మందులతోపాటు నేను చేస్తున్న ప్రతి పనీ, దానికి పట్టిన సమయమూ చేరిపోయాయి. వారం చివర కూడి చూసుకున్నాను. ఒళ్లు తుడిచి శుభ్రం చేయడానికి 14 గంటలు, మింగగలిగేలా మెత్తగా వండి తినిపించడానికి 17, రాత్రుళ్లు లేచి పుండ్లు పడకుండా పక్క మార్చడానికి 12, చచ్చుబడిన చేతికీ కాలికీ వ్యాయామం చేయించడానికి 7, మందులకూ గొట్టం సంరక్షణకూ 6. మొత్తం 56 గంటలు, అంటే రోజుకు ఎనిమిది గంటలు. అమ్మ చేసినది ఇందులో లేదు.

నేను కళాశాలలో అర్థశాస్త్రం బోధిస్తాను. స్థూల దేశీయోత్పత్తి, అంటే జీడీపీ నిర్వచనాన్ని ఎన్నో ఏళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. ఒక దేశపు సరిహద్దుల లోపల, ఒక నిర్ణీత కాలంలో తయారైన అంతిమ వస్తువులు, సేవల మొత్తం విలువ అది. విద్యార్థులు దాన్ని ఖర్చుల వైపు నుంచి ఇలా గుర్తు పెట్టుకుంటారు:

```
GDP = C + I + G + (X − M)
```

కుటుంబాల వినియోగం, పెట్టుబడి, ప్రభుత్వ వ్యయం, వాటికి ఎగుమతులు కలిపి దిగుమతులు తీసివేసిన మొత్తం. ఆ సంవత్సరం నేను జీతం లేని సెలవు పెట్టాను, నా స్థానంలో ఎవరినీ తీసుకోలేదు. కాబట్టి నేను బోధించని తరగతుల మేరకు జీడీపీ తగ్గింది. కొన్న మందులు, డైపర్లు, అద్దెకు తెచ్చిన మంచం మేరకు పెరిగింది. వారానికి 56 గంటల నా పనికి అందులో నమోదైన విలువ సున్నా. నా జీవితంలో ఇంతగా కష్టపడి పనిచేసిన సంవత్సరం మరొకటి లేదు, కానీ జాతీయ ఖాతాల ప్రకారం అది నేను ఏ ఉత్పత్తీ చేయని సంవత్సరం.

ఈ సున్నా పొరపాటున జరిగింది కాదు. ఎవరో మరిచిపోయినదీ కాదు. ఆలోచించి, వాదించుకుని, రాతపూర్వకంగా పెట్టిన సున్నా అది. అందుకే దాని వెనుక ఉన్న కారణాలను వినాలి, విన్న తరువాత వాటిలో ఏవి ఇంకా నిలబడతాయో చూడాలి.

1934లో ఆర్థికవేత్త సైమన్ కుజ్నెట్స్ అమెరికా సెనెట్‌కు ఆ దేశపు జాతీయాదాయం గురించి ఒక నివేదిక సమర్పించారు. 1929 నుంచి 1932 వరకు, మూడేళ్లలో ఆదాయం దాదాపు సగానికి పడిపోయిందని చూపిన నివేదిక అది. మహామాంద్యం ఎంత లోతుగా ఉందో ప్రభుత్వానికి అంకెల్లో తెలిసింది అప్పుడే. గృహిణుల శ్రమను అందులో వదిలేశారు. అది చిన్నదని కాదు, నమ్మదగిన రీతిలో దానికి విలువ కట్టే ఆధారం లేదని. ఒక జాతి సంక్షేమాన్ని జాతీయాదాయపు కొలతనుంచి ఊహించడం దాదాపు సాధ్యం కాదన్న హెచ్చరిక కూడా ఆ నివేదికలోనే ఉంది. ఆ తరువాతి కాలం ఆ అంకెను తీసుకుంది, హెచ్చరికను తీసుకోలేదు.

రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అవసరం మరింత స్పష్టమైంది. దేశంలో మొత్తం ఎంత ఉత్పత్తి అవుతోంది, అందులో ఎంతను ప్రజల వినియోగం నుంచి యుద్ధానికి మళ్లించగలం అన్నది బ్రిటన్ ప్రభుత్వం ముందున్న ప్రశ్న. దానికోసం ఆర్థికవేత్తలు జేమ్స్ మీడ్, రిచర్డ్ స్టోన్ 1941 నాటికి ఖాతాలు సిద్ధం చేశారు. స్టోన్ నాయకత్వంలోనే 1953లో ఐక్యరాజ్య సమితి జాతీయ ఖాతాల వ్యవస్థ వెలువడింది. డబ్బు చేతులు మారే కార్యకలాపాన్ని, పన్ను వేయగలిగిన దాన్ని, ఉద్యోగాలను, ధరలను గమనించడానికి పుట్టిన సాధనమిది. ఆ పనికి అది ఇప్పటికీ బాగా సరిపోతుంది. మాంద్యం వచ్చిందా లేదా అని తెలుసుకోవాలంటే నేనైనా మొదట చూసేది దాన్నే.

ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ముఖ్యమైన భావన ఉత్పత్తి పరిధి. పరిధి లోపల పడినది లెక్కలోకి వస్తుంది, బయట పడినది రాదు. అమ్మకానికి పెట్టినవే లోపల ఉంటాయని చాలామంది అనుకుంటారు గానీ అది నిజం కాదు. ప్రభుత్వ పాఠశాలలో పాఠం చెప్పినందుకు విద్యార్థి ధర చెల్లించడు, అయినా ఆ సేవను దానికైన ఖర్చుతో లెక్కిస్తారు. సొంత ఇంట్లో ఉండే మనిషి ఎవరికీ అద్దె కట్టడు, అయినా అతను తనకు తానే అద్దె కట్టుకుంటున్నట్టు ఊహించి, అలాంటి ఇళ్లకు బజారులో ఉన్న అద్దెలను బట్టి ఒక విలువ కట్టి జీడీపీలో కలుపుతారు. దీన్ని ఆపాదిత అద్దె అంటారు. ఈ ఊహ వెనుక మంచి కారణమే ఉంది. అలా చేయకపోతే, అద్దె ఇళ్లలో ఉన్నవారంతా ఆ ఇళ్లను కొనుక్కున్న రోజున, గోడ గోడలాగే ఉన్నా, కప్పు కప్పులాగే ఉన్నా, దేశపు ఉత్పత్తి తగ్గినట్టు కనిపిస్తుంది.

సరిగ్గా ఇదే వాదన ఇంటిపనికీ వర్తిస్తుంది. ఒకరి ఇంట్లో జీతానికి పనిచేసే స్త్రీని ఆ ఇంటి యజమాని పెళ్లి చేసుకుంటే జాతీయాదాయం తగ్గుతుందని ఆర్థికవేత్త ఏ.సి. పిగూ 1920లోనే గుర్తించారు. ఈ ఉదాహరణ చెప్పినప్పుడు తరగతిలో పిల్లలు నవ్వుతారు. నాకిప్పుడు అందులో నవ్వవలసినది ఏదీ కనిపించడం లేదు. ఇల్లు అద్దె నుంచి సొంతానికి మారితే లెక్క చెడకూడదని అంత జాగ్రత్తపడిన వారు, సంరక్షణ జీతం నుంచి బంధుత్వానికి మారినప్పుడు లెక్క చెడిపోవడాన్ని ఒప్పుకున్నారు. గోడలు మనకు అందించే సేవకు విలువ ఊహించగలిగాం, మనిషి అందించే సేవకు ఊహించలేమన్నాం.

1993లో సవరించిన వ్యవస్థ ఈ గీతను ఇంకా స్పష్టం చేసింది. కుటుంబాలు తమకోసం తయారుచేసుకునే వస్తువులన్నీ పరిధి లోపలివే. తినడానికి పండించుకున్న పంట, కుట్టుకున్న బట్ట, మోసుకొచ్చిన నీరు, ఏరుకొచ్చిన కట్టెలు కూడా సూత్రప్రాయంగా ఉత్పత్తే. కానీ తమకోసం చేసుకునే సేవలు, అంటే వండడం, ఉతకడం, పిల్లలను పెంచడం, రోగిని చూసుకోవడం పరిధి బయటివి. జీతానికి పెట్టుకున్న ఇంటి పనివారి సేవ, సొంత ఇంటి ఆపాదిత అద్దె మాత్రమే దీనికి మినహాయింపులు. కాబట్టి ఒక స్త్రీ దూరం నడిచి నీళ్లు తెస్తే ఆమె ఉత్పత్తిదారు. ఆ నీళ్లతోనే జ్వరంతో ఉన్న బిడ్డ ఒళ్లు తుడిస్తే కాదు. అంతకు చాలా ముందే, 1940లలో, ఫిలిస్ డీన్ అనే యువ పరిశోధకురాలు ఇప్పుడు జాంబియా, మలావీ అని పిలుస్తున్న ప్రాంతాలలో పల్లెల ఆదాయాన్ని లెక్కగట్టడానికి వెళ్లి, కట్టెలు ఏరడం, వంట చేయడం వంటి స్త్రీల పనులను వదిలేసిన లెక్క అక్కడి జీవితాన్ని చూపలేదని వాదించారు. కట్టెల విషయంలో ఆమె మాట నెగ్గడానికి దాదాపు అర్ధశతాబ్దం పట్టింది, వంట విషయంలో ఇప్పటికీ నెగ్గలేదు.

సేవలను వదిలేయడానికి వ్యవస్థ చెప్పే కారణాలు మూడు. ఇంటిలోపలి పని ఇంటిలోపలే మొదలై అక్కడే ముగిసిపోతుంది కాబట్టి మిగిలిన ఆర్థిక వ్యవస్థ మీద దాని ప్రభావం స్వల్పమన్నది మొదటిది. దానికి సరైన విలువ కట్టడం కష్టమన్నది రెండోది. మూడోది, దాన్ని కలిపితే ఇంట్లో పనిచేసే ప్రతి ఒక్కరూ స్వయం ఉపాధి పొందుతున్నట్టే అవుతుంది కాబట్టి నిరుద్యోగమన్న మాటకు అర్థమే లేకుండా పోతుంది. ఈ మూడోదాన్ని నేను పూర్తిగా ఒప్పుకుంటాను. ఉద్యోగం పోయిన మనిషి ఇంట్లో అంట్లు తోముతున్నాడు గనుక అతనికి పని ఉన్నట్టేనని చెప్పే గణాంకం ఎవరికీ పనికిరాదు. మొదటిది మాత్రం నా అనుభవంలో నిలవలేదు. నేను ఉద్యోగానికి దూరమైన పద్నాలుగు నెలల్లో ఇంటిలోపలి పని నా ఆదాయాన్ని, నా తరగతులను, నా పొదుపును తాకింది. ఇది అక్కడే ముగిసిపోయే పని కాదు.

రెండో కారణాన్ని నా నోటుపుస్తకం సాయంతోనే పరీక్షించి చూస్తాను. ముందుగా ఏది పని, ఏది కాదు అన్నది తేల్చాలి. దీనికి ఆర్థికవేత్త మార్గరెట్ రీడ్ 1934లోనే ఒక సులువైన పరీక్ష ఇచ్చారు. ఒక పనిని మూడో వ్యక్తికి డబ్బిచ్చి చేయించుకోగలిగితే అది ఉత్పత్తి. నా బదులు మరొకరు నాన్నకు తినిపించగలరు కాబట్టి తినిపించడం ఉత్పత్తి. నాన్న బదులు మరొకరు తినలేరు కాబట్టి తినడం కాదు. నేను రాసుకున్న 56 గంటలూ ఈ పరీక్షలో నెగ్గుతాయి.

తరువాత విలువ కట్టాలి. సాధారణ సహాయకురాలి గంట కూలిని 1 అనుకుందాం. నర్సు లేదా వ్యాయామ చికిత్స చేసేవారి గంట 3 అనీ, బోధనలో నా గంట 5 అనీ అనుకుందాం. మొదటి పద్ధతిలో, అన్ని పనులకూ ఒకే సహాయకురాలిని పెట్టుకుంటే ఎంతవుతుందో చూస్తారు, అది 56. రెండో పద్ధతిలో, ఏ పనికి తగిన నిపుణుల కూలి ఆ పనికి వేస్తారు. వ్యాయామం, మందులు, గొట్టం కలిపి 13 గంటలకు మూడేసి చొప్పున 39, మిగిలిన 43 గంటలకు 43, మొత్తం 82. మూడో పద్ధతి అవకాశ వ్యయం. ఆ గంటల్లో నేను ఉద్యోగం చేసి ఉంటే ఎంత సంపాదించేదాన్నో చూస్తారు. 56 గంటలకు అయిదేసి చొప్పున 280. అదే మనిషి, అదే వారం, అదే పని, అయినా విలువ 56 నుంచి 280 దాకా అయిదు రెట్లు మారింది. పైగా మూడో పద్ధతిని నమ్మితే, నాకన్నా తక్కువ జీతమున్న స్త్రీ తన తండ్రిని నాకన్నా బాగా చూసుకున్నా, ఆమె సేవ నా సేవకన్నా చవకదవుతుంది. గణాంక శాస్త్రవేత్తల సంకోచంలో నిజముందని ఇక్కడ ఒప్పుకోవాలి.

దేశాల స్థాయిలోనూ ఈ తేడా కనిపిస్తుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ప్రకటించిన అంచనా ప్రకారం 64 దేశాల్లో రోజుకు 1,640 కోట్ల గంటల వేతనం లేని సంరక్షణ శ్రమ జరుగుతోంది, అందులో నాలుగింట మూడు వంతులకు పైగా స్త్రీలదే. అలాంటి శ్రమను కనీస వేతనంతో లెక్కగడితే ప్రపంచ జీడీపీలో 9 శాతం. మరోవైపు బ్రిటన్ గణాంక కార్యాలయం, వేరే పద్ధతిలో, ఇళ్లలో జరిగే రవాణా, వసతి వంటి సేవలన్నీ కలుపుకుని 2016 సంవత్సరానికి ఆ దేశపు జీడీపీలో 63 శాతంగా తేల్చింది. ఈ రెండూ ఒకదానితో ఒకటి పోల్చదగినవి కావు. డబ్బు విలువ ఇంతగా పద్ధతి మీద ఆధారపడుతుంది గనుకనే నేను మొదట గంటలను నమ్ముతాను. 56 గంటలు ఏ పద్ధతిలోనైనా 56 గంటలే.

విలువ కట్టడం కష్టమైనంత మాత్రాన సున్నా తటస్థమైన అంకె అయిపోదు. సున్నా కూడా ఒక అంచనాయే, మనకున్న అంచనాలన్నిటిలో కచ్చితంగా తప్పని తెలిసినది అదొక్కటే. దాని ఫలితం ఎలా ఉంటుందో నా ఉదాహరణలోనే చూడవచ్చు. నాన్న ఆరోగ్యంగా ఉన్నప్పుడు వారానికి 40 గంటల ఉద్యోగంతో నా నుంచి జీడీపీలో చేరినది 200. సెలవులో ఉన్నప్పుడు 0. పద్నాలుగు నెలల తరువాత వంతులవారీగా ఇద్దరు సహాయకులను పెట్టుకుని నేను ఉద్యోగానికి తిరిగి వెళ్లాను. అప్పుడు నా 200కు వారి కూలి 56 కలిసి, 256. జీడీపీ చెప్పే కథలో మా ఇల్లు సున్నా నుంచి 256కు ఎదిగింది. ఇంటిపనిని కూడా కలిపి, అన్నిటికన్నా తక్కువ విలువతోనే లెక్కిస్తే, అది 56 నుంచి 256కు వెళ్లింది, అంటే నిజంగా కొత్తగా వచ్చినది 200 మాత్రమే. మిగిలిన 56 గంటల సంరక్షణ అంతకుముందూ జరిగింది, తరువాతా జరిగింది. చేసే చేతులు మారాయి, కూలి మొదలైంది, అంతే.

ఒక ఇంటిలో ఇది చిన్న విషయం. కోట్లాది స్త్రీలు ఇంటిపని నుంచి జీతపు పనికి వెళ్లిన దశాబ్దాల మీద ఇదే లెక్క వేసి చూస్తే వృద్ధి కథే మారుతుంది. అమెరికా ఆర్థిక విశ్లేషణ సంస్థ పరిశోధకులు అలా వేసి చూశారు. ఇంటి ఉత్పత్తిని కలిపితే 1965లో ఆ దేశపు జీడీపీ 40 శాతానికి కాస్త తక్కువగా పెరుగుతుంది, 2010లో నాలుగో వంతుకు కాస్త ఎక్కువగా మాత్రమే పెరుగుతుంది. ఆ నలభై అయిదేళ్ల వృద్ధిలో కొంత భాగం కొత్త ఉత్పత్తి కాదని, అంతకుముందు ఇళ్లలో కనిపించకుండా జరిగిన పని బజారుకు వచ్చి కనిపించడమేనని దీనర్థం.

ఇదే కదలిక వెనక్కి కూడా జరుగుతుంది, నాకు ఎక్కువ ఆందోళన కలిగించేది అదే. నాన్నను పదకొండో రోజున ఇంటికి పంపారు. అది వైద్యపరంగా తప్పుడు నిర్ణయమని నేను అనను, ఇంట్లో కోలుకోవడం మంచిదని వైద్యులు చెప్పిన మాటలో నిజముంది. కానీ ఇరవై రోజులు ఉంచవలసిన రోగులను పదకొండు రోజులకే పంపగలిగిన ఆసుపత్రి లెక్కల్లో ఒక్కో రోగికి ఖర్చు తగ్గుతుంది, సామర్థ్యం పెరిగినట్టు కనిపిస్తుంది. మిగిలిన తొమ్మిది రోజుల నర్సింగు మాయమైపోలేదు. అది ఎవరో ఒక కూతురి, భార్య, కోడలి రోజులోకి వెళ్లింది. వృద్ధుల సంరక్షణకు, పసిపిల్లల కేంద్రాలకు నిధులు తగ్గించినప్పుడూ ఇదే జరుగుతుంది. ఖర్చు ఒక పుస్తకంలోంచి తొలగి, అసలు పుస్తకమే లేని చోటికి చేరుతుంది. అక్కడ ఎవరూ రాసుకోరు కాబట్టి దాన్ని ఆదా అంటారు. సంక్షేమానికి జీడీపీని కొలబద్దగా వాడితే కలిగే హాని ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఆ అంకె కొన్నిటిని వదిలేయడం కన్నా, అది వదిలేసిన చోటికి భారాన్ని నెట్టడం లాభసాటిగా కనిపించడం ఎక్కువ ప్రమాదం.

అయితే ఇంటిపనిని కలిపేస్తే జీడీపీ మనుషుల బాగోగులకు కొలత అయిపోతుందని నేను వాదించడం లేదు. నా మూడు అంకెలనే మళ్లీ చూడండి. నాన్న ఆరోగ్యంగా నడిచి తిరిగిన రోజుల్లో 200, పక్షవాతం తరువాత సహాయకులతో 256. ఇంటిపనిని కలిపినా కలపకపోయినా ఈ రెండు అంకెలు మారవు. జబ్బు ఒక కొత్త అవసరాన్ని తెచ్చింది, ఆ అవసరాన్ని తీర్చే సేవ ఉత్పత్తిగా నమోదైంది, జబ్బు వల్ల పోయినది ఎక్కడా నమోదు కాలేదు. ఉత్పత్తిని ఎంత విశాలంగా కొలిచినా అది ఉత్పత్తే. నాన్న మళ్లీ సంతకం పెట్టగలుగుతున్నాడా, అమ్మ పగలు ఒక గంట నిశ్చింతగా పడుకోగలుగుతోందా అన్న ప్రశ్నలకు వేరే కొలతలు కావాలి. 2009లో జోసెఫ్ స్టిగ్లిట్జ్, అమర్త్య సేన్, జాన్-పాల్ ఫితూసీల నాయకత్వంలోని సంఘం ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో ఆరోగ్యం, సమయం, ఇంటిపని వంటివాటిని ఒకే అంకెలోకి కుక్కకుండా పక్కపక్కనే చూపాలని చెప్పడానికి కారణం ఇదేనని నేను అర్థం చేసుకున్నాను.

కాబట్టి నేను కోరేది కొత్త జీడీపీని కాదు. పాతదాన్ని అలాగే ఉంచి, ఇంటి ఉత్పత్తి ఖాతాను దాని పక్కన, దానితోపాటు, క్రమం తప్పకుండా ప్రచురించాలి. ఆసుపత్రి పడకలను తగ్గించే నిర్ణయం తీసుకునేవారి ముందు రెండు పుస్తకాలూ తెరిచి ఉండాలి. ఇలాంటి ఖాతాలను ఉపగ్రహ ఖాతాలంటారు, వాటిని ఎలా తయారుచేయాలో తెలియక ఆగిపోయిన దేశాలు తక్కువ. వాటికి ఆధారం కాల వినియోగ సర్వేలు. కుటుంబంలో ఒక్కొక్కరూ ఇరవై నాలుగు గంటల్లో ఏ వేళ ఏం చేశారో రాయించుకునే సర్వేలవి. ఖర్చుతో కూడినవి కాబట్టి చాలా దేశాల్లో వాటిని ఏళ్ల తరబడి ఎడంతో జరుపుతారు, మూడు నెలలకోసారి వచ్చే జీడీపీ పక్కన అయిదేళ్ల కిందటి గంటలు పెట్టుకుని ఏ నిర్ణయమూ తీసుకోలేం. మొదట మారవలసినది ఇదే.

ఆ సర్వేల్లోనూ జారిపోయేది ఒకటుంది. అవి ప్రధానంగా చేస్తున్న పనినే ఎక్కువగా పట్టుకుంటాయి. నాన్న నిద్రపోతుంటే పక్క గదిలో కూర్చుని నేను చదువుకున్న గంటలు చదువుగా నమోదవుతాయి, కానీ ఆ గంటల్లో నేను గడప దాటలేను, చెవి అటువైపే ఉంటుంది. నా నోటుపుస్తకంలో వాటికి ఏ గడి కేటాయించాలో తెలియక ఖాళీగా వదిలేశాను. రాత్రుల సంగతీ అంతే. పక్క మార్చిన 12 గంటలను పనిగా రాశాను. మిగిలినవి, రెండు గంటలకోసారి అలారం మోగుతుందని తెలిసి కళ్లు మూసుకున్న ఆ రాత్రుళ్లను, సర్వే పద్ధతి ప్రకారం నిద్ర అనే వరుసలో రాయాలి.